బల్బు ఏదీ, మామయ్యగారూ?

నా ఇంగ్లీషు గురించి ముందే చెప్పేస్తాను, మళ్లీ గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోకండి. ముప్ఫై ఒక్క ఏళ్లు కోర్టులో అనువాదకుడిగా పనిచేశాను. సాక్షి బోనులో నిలబడి తెలుగులో చెప్తుంటే, పక్కన కూర్చుని ఇంగ్లీషులో రాసేవాణ్ని. హంతకుల మాటలూ, పొలం గట్ల తగాదాలూ, మొగుడూ పెళ్లాల తిట్లూ అన్నీ నా చేతి మీదుగానే ఇంగ్లీషులోకి వెళ్లాయి. రిటైరయ్యాక ఆ ఇంగ్లీషు అంతా ఒంట్లోనే ఉండిపోయింది. వాడేవాళ్లు లేరు. మావాడికి ఆరు ముక్కలు రాయాల్సొచ్చినా ఫోన్లో యంత్రాన్ని అడుగుతాడు గానీ నన్ను అడగడు.

అందుకే ఆ మంగళవారం సాయంత్రం కోడలు వచ్చి "మామయ్యగారూ, మీతో ఒక ఇంగ్లీషు పనుంది" అన్నప్పుడు నేను కుర్చీలోంచి ఎంత చప్పున లేచానో చెప్పుకోవడం మర్యాద కాదు.

మా కోడలు బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. అక్కడ రెండొందల కుట్టు మిషన్లు. ఏ మిషన్ ఆగినా ముందు పిలిచేది తననే. స్క్రూడ్రైవరు నడుముకి దోపుకుని తిరుగుతుందని అక్కడి ఆడవాళ్లు స్క్రూడ్రైవరమ్మ అని పేరు పెట్టారు. కానీ కాగితం మీద తను హెల్పర్. తొమ్మిదేళ్ల క్రితం చేరినప్పుడు రాసిన మాట అది. దాన్ని మార్చమని అడిగినప్పుడల్లా "వచ్చే ఏడాది చూద్దాం" అన్నారు. ఈ ఏడాది చూడ్డానికి ఏమీ మిగల్లేదు. నెలాఖరుకి ఫ్యాక్టరీ మూసేస్తున్నారు.

తను తెచ్చింది ఒక ప్రకటన. ఊరి బయట కొత్త కంపెనీ, కార్లలో పెట్టే ఎయిర్‌బ్యాగులు కుడతారట. కుట్టు మిషన్ల మెకానిక్ కావాలి. శుక్రవారం సాయంత్రం అయిదు లోపల ఇంగ్లీషులో ఈమెయిల్ రాయాలి, దానికి బయోడేటా జోడించాలి. ఈమెయిల్‌లో, మీరు పరిష్కరించిన ఒక సమస్య గురించి మీ సొంత మాటల్లో చెప్పండి, ఒక పేజీ దాటొద్దు అని ఉంది.

"బయోడేటాలో హెల్పర్ అనే ఉంటుంది మామయ్యగారూ. అది చూస్తే పక్కన పడేస్తారు. నేను చేసేదేమిటో వాళ్లకి తెలియాలంటే ఈ ఉత్తరం ఒక్కటే దారి" అంది కోడలు. "మిషన్ల పుస్తకాలు ఇంగ్లీషులో చదువుతాను. కష్టపడి నాలుగు ముక్కలు మాట్లాడతాను. కానీ ఉత్తరం రాయలేను. తెలుగులో రాసిస్తాను, మీరు మార్చిపెడతారా?"

"నువ్వు రాసివ్వు, మిగతాది నాకొదిలెయ్యి" అన్నాను. ఆ 'మిగతాది' అన్న మాటే కొంప ముంచబోయింది.

రెండు రోజులు మధ్యాహ్నం భోజనం గంటలో కూర్చుని రాసింది. శుక్రవారం సగం రోజు సెలవు పెట్టి పన్నెండున్నరకల్లా ఇంటికొచ్చి నా చేతిలో పెట్టింది. బట్ట కత్తిరించేటప్పుడు పరిచే పొడుగాటి కాగితం వెనక, పెన్సిల్‌తో. తను అన్నం తిని స్నానానికి వెళ్లేలోపు నేను చదివాను. అందులో అసలు ముక్క ఇది:

"నేను చేరిన రెండో ఏడు ఒక మిషన్ కుట్లు వదిలేస్తూ వచ్చింది. మిషనే మొరాయించిందనుకుని కింద దారం పట్టే హుక్ అంతా విప్పేశాను. చూస్తే అందులో ఏ లోపమూ లేదు. మంచి మిషన్ను విప్పాను. తప్పు నాదే. మళ్లీ బిగించి, సూదికీ హుక్‌కీ టైమింగ్ కలిపేసరికి నలభై నిమిషాలు పట్టింది, లైన్ మొత్తం ఆగింది. ఇంతలో పక్క మిషన్ కూడా అదే పాట. అప్పుడు తల ఎత్తి చూశాను. పైన బల్బు మాడిపోయి ఉంది. మసక వెలుతురులో కుట్టేవాళ్లు సూదిని కొంచెం పక్కకి తిరిగేలా బిగిస్తున్నారు. బల్బు మార్చాను, సూదులు సరిగ్గా పెట్టించాను, కుట్లు సరిపోయాయి. అప్పట్నుంచి ముందు మనిషిని చూస్తాను, తర్వాత సూదిని చూస్తాను, మిషన్ను ఆఖర్న చూస్తాను."

చదివి నేను చాలా బాధపడ్డాను. బంగారం లాంటి పిల్ల, ఉద్యోగం అడుగుతూ మంచి మిషన్ను విప్పానని రాసుకుంటుందా? లైన్ ఆపానని ఎవరైనా చెప్పుకుంటారా? పైగా బల్బు మార్చడం ఒక గొప్పా! ఎదుటివాళ్లు ఎలక్ట్రీషియన్ అనుకోరూ?

కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ల ఇంగ్లీషు ఆనకట్ట తెగినట్టు వచ్చి పడింది. 'అత్యంత వినయపూర్వకంగా విన్నవించుకొనునది' అనేదానికి ఇంగ్లీషులో ఏముందో అదంతా పెట్టాను. కోర్టు భాష మరీ పాతబడిందేమో అని అనుమానం వచ్చి, ఈ కాలపు నమూనా ఉత్తరాలు నాలుగు తెరిచి అందులోంచి డైనమిక్, ప్రోయాక్టివ్, రిజల్ట్స్ ఓరియెంటెడ్ అనే మాటలు కూడా ఏరి తెచ్చి చల్లాను. మంచి మిషన్ను విప్పిన కథ తీసేసి, 'సాంకేతిక లోపాల మూల కారణాలను విశ్లేషించుటలో విస్తృత నైపుణ్యం కలదు' అని ఇంగ్లీషులో ఒక వాక్యం కట్టాను. ఆ వాక్యాన్ని మూడుసార్లు చదువుకుని నాకు నేనే మెచ్చుకున్నాను. రెండు పేజీలు వచ్చింది. అచ్చు తీసి, కోడలు జుట్టు తుడుచుకుంటూ వచ్చేసరికి బల్ల మీద పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాను.

తను ఉత్తరంలా చదవలేదు. మిషన్ పుస్తకం చదివినట్టు చదివింది. పుస్తకంలో తనకి కావలసిన భాగం ఎక్కడుందో వేలు పెట్టి వెతుకుతారే, అలా పై నుంచి కింద దాకా వేలు జరుపుకుంటూ పోయింది. రెండో పేజీ కూడా అయిపోయింది. మళ్లీ మొదటికొచ్చింది.

"బల్బు ఏదీ, మామయ్యగారూ?" అంది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను కళ్లజోడు సర్దుకున్నాను. "బల్బు... భావంలో ఉందమ్మా."

"సూది కూడా కనిపించడం లేదు. హుక్ లేదు. నలభై అంకె లేదు."

"అవన్నీ కలిపే కదా ఈ వాక్యం!" అని నా ముద్దుల వాక్యాన్ని చూపించాను.

"దీన్ని తెలుగులో చెప్పండి."

చెప్పాను. విస్తృత నైపుణ్యం కలదు అనేసరికి నా గొంతే నాకు తేడాగా వినిపించింది. కోడలు తువ్వాలు భుజం మీద వేసుకుని కూర్చుంది. కోపం రాలేదు, అదే నాకు ఎక్కువ ఇబ్బంది అనిపించింది.

"ఈవిడెవరో చాలా గొప్పావిడలా ఉంది మామయ్యగారూ. ఉద్యోగం ఈవిడకి ఇచ్చేస్తారు. కానీ వెళ్లాల్సింది నేను కదా?"

"నీ మంచి కోసమే తీసేశానమ్మా. మంచి మిషన్ను విప్పానని నీ చేత్తో నువ్వే రాస్తావా? ఎవరు పిలుస్తారు?"

"పిలవకపోతే పోనీండి. మెకానిక్ అన్నవాడు ఎవడైనా ఒక మంచి మిషన్ను విప్పే నేర్చుకుంటాడు. విప్పలేదంటే అబద్ధమన్నా అయ్యుండాలి, అసలు మిషన్ ముట్టుకోకుండా అన్నా ఉండాలి. చదివేది మెకానికే అయితే ఆ ముక్క దగ్గరే ఆగుతాడు." నా వైపు తిరిగి, "అయినా మీరు కోర్టులో కూడా ఇలాగే రాసేవారా?" అంది.

వేసింది దెబ్బ. కోర్టులో నేను ఒక్క ముక్క కలిపినా, ఒక్క ముక్క తీసినా ఉద్యోగం ఊడేది. ఒకసారి ఒక ముసలాయన బోనులో నిలబడి ప్రతివాదిని అయిదు తరాల వెనక నుంచి తిట్టుకుంటూ వచ్చాడు. అయిదు తరాలూ ఇంగ్లీషులోకి దించాను, ఒక్క తాతని కూడా వదల్లేదు. తనకి నష్టం కలిగించే మాట సాక్షే చెప్తే, అయ్యో పాపం అని మింగెయ్యడం అనువాదకుడి పని కాదు. ఆ సూత్రం కొత్తగా చేరినవాళ్లకి నేనే నేర్పేవాణ్ని. ఊరందరి మాటా ఉన్నదున్నట్టు రాసి, ఇంటి పిల్ల మాట దగ్గరికొచ్చేసరికి దిద్దబోయాను. సిగ్గేసింది. సిగ్గుతో పాటు, ఎందుకో తెలియదు, చాలా హుషారు కూడా వచ్చింది. చాలా ఏళ్ల తర్వాత చేతికి నిజమైన పని తగిలింది.

టైము ఒకటిన్నర. రెండు పేజీలూ నాలుగు ముక్కలుగా చించేశాను.

"ఇలా కూర్చో. కోర్టు పద్ధతిలో చేద్దాం. నువ్వు ఒక వాక్యం చదువు. నేను ఇంగ్లీషు చేస్తాను. చేసింది మళ్లీ నీకు తెలుగులో చెప్తాను. నువ్వు ఊఁ అంటేనే ముందుకి."

పద్ధతి చెప్పినంత సుళువుగా సాగలేదు. 'మొరాయించింది' దగ్గరే పది నిమిషాలు పట్టింది. నేను మాల్‌ఫంక్షన్ అన్నాను. తను తల అడ్డంగా ఊపింది.

"ఆ మాట పుస్తకాల్లో ఉంటుంది, నాకు తెలుసు. ఏదో పాడైతే అంటారు. ఇక్కడ ఏదీ పాడవలేదు కదా. మొండికేసిందని నేను అనుకున్నానంతే."

"అలా అయితే స్టబర్న్. మొండి అని. మనుషులకీ గాడిదలకీ వాడతారు."

"మిషన్‌కి వాడితే తప్పా?"

తప్పు కాదు. నవ్వొస్తుంది, అర్థమూ అవుతుంది. మిషన్ మొండికేసిందని నేను అనుకున్నాను అని పెట్టాం. 'తప్పు నాదే' అనేదానికి నా చెయ్యి దానంతటదే 'ఒక పొరపాటు జరిగినది' అని కొట్టబోయింది. పట్టుకుని ఆపాను. ది ఫాల్ట్ వాజ్ మైన్. నాలుగే మాటలు. తను రెండు ముక్కల్లో చెప్పింది ఇంగ్లీషులోనూ అంత పొట్టిగానే నిలబడింది.

'పక్క మిషన్ కూడా అదే పాట' దగ్గర మాత్రం నేను పట్టుబట్టాను. పాట అని ఉన్నదున్నట్టు పెడితే చదివేవాళ్లు ఫ్యాక్టరీలో రేడియో ఉందనుకుంటారు. "అక్షరం ముఖ్యం కాదమ్మా, నువ్వు అక్కడ చిన్నగా విసుక్కుని నవ్వావు చూడు, అది పోకూడదు" అన్నాను. పక్క మిషన్‌దీ అదే ఫిర్యాదు అని రాసి తెలుగులో చెప్పాను. ఊఁ అంది, నవ్వింది కూడా.

నేనూ సాక్షిని అడిగినట్టే అడిగాను. తొమ్మిదేళ్లా, తొమ్మిది దాటిందా? లైన్ ఆగింది అంటే ఎన్ని మిషన్లు? మొదట ముప్ఫై అంది, తర్వాత వేళ్ల మీద లెక్కపెట్టుకుని ఇరవై ఎనిమిది అని సరిచేసింది. ఇరవై ఎనిమిదే రాశాం. తెలుగులో తను ఇంకోచోట విప్పి, తుడిచి, బిగించి, కలిపి అని ఒకే ఊపిరిలో రాసుకొచ్చిన వాక్యాన్ని ఇంగ్లీషులో మూడు చిన్న వాక్యాలుగా విడగొట్టాను. అలా విడగొట్టాక అది తను నడిచే తీరులా అనిపించింది, గబగబా, ఒక్కో మిషన్ దగ్గర ఆగుతూ. ఆఖరి వాక్యానికి నేనేమీ చెయ్యలేదు. ముందు మనిషి, తర్వాత సూది, ఆఖర్న మిషన్. ఏ భాషలోనైనా అది అలాగే వస్తుంది.

ఇంగ్లీషు తప్పుల్లేకుండా ఉంది, తళతళలాడుతోంది. అందులో మాట్లాడుతున్నది మా కోడలే. నాకు ఒళ్లు ఝల్లుమంది. ముప్ఫై ఒక్క ఏళ్లలో నేను రాసిన ఏ కాగితం చూసినా అలా అనిపించలేదు.

మూడున్నరకి మావాడు డ్యూటీ దిగి వచ్చాడు. బస్సు నడుపుతాడు, ఇల్లంతా తన వెనక సీట్లో కూర్చుందనుకుంటాడు. టీ గ్లాసుతో వచ్చి తెర మీద చదివి "బాగుంది నాన్నా" అన్నాడు. నా ఇంగ్లీషుని వాడు మెచ్చుకోవడం అదే మొదటిసారి. అప్పుడే కోడలు ఇంకో మాట తీసింది.

"మామయ్యగారూ, ఇది చదివి ఫోన్ చేస్తే, ఈ ఇంగ్లీషు నా నోట్లోంచి రాదు. మోసం చేశాననుకుంటారేమో."

నేను ఆలోచించాల్సిన పనే లేకపోయింది. "కోర్టులో ప్రతి అనువాదం కిందా ఎవరు అనువదించారో రాసి సంతకం పెడతాం. ఇక్కడా పెడదాం."

మావాడు గ్లాసు బల్ల మీద పెట్టాడు. "మీ ఇద్దరికీ మతిపోయిందా? ఉత్తరం వేరేవాళ్లు మార్చిచ్చారని ఎవరైనా చెప్పుకుంటారా? అందరూ రాయించుకుంటారు, నోరు మూసుకుంటారు. ఆ ఒక్క లైనుతో మొత్తం పోతుంది."

వాడి భయం ఉత్తి భయం కాదు. ఫ్యాక్టరీ మూసేస్తే పాతికేళ్ల కుర్రాళ్ల పక్కన, హెల్పర్ అన్న కాగితం పట్టుకుని మళ్లీ మొదట్నుంచి నిలబడాలి మా కోడలు. ఇద్దరం తన వైపు చూశాం.

"పోతే ఇప్పుడే పోనీండి. చేరాక పోతే తలెత్తుకోలేను" అంది కోడలు. తనే పెన్సిల్ తీసుకుని రాసింది: "ఈ ఉత్తరం నేను తెలుగులో రాశాను. మా మామయ్యగారు ఇంగ్లీషులోకి మార్చారు. మిషన్ల ఇంగ్లీషు నేనే మాట్లాడగలను, తప్పులతో."

తప్పులతో అన్న మాట తీసెయ్యాలని నా వేళ్లు ఎంత దురదపెట్టాయో! తియ్యలేదు.

తర్వాత పరుగే పరుగు. సబ్జెక్ట్ లైనులో ఉద్యోగం పేరూ, ప్రకటనలో ఉన్న నంబరూ పెట్టాం. విధేయురాలు అని ముగించబోతే మావాడు అడ్డుపడి ఈ కాలంలో కైండ్ రిగార్డ్స్ అంటారన్నాడు, ఆ ఒక్క దాంట్లో వాడి మాటే విన్నాను. బయోడేటా జోడించాం. చిరునామా ఒక్కో అక్షరం నేను చదివాను, తను కొట్టింది, మావాడు సరిచూశాడు. కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరిగి, నాలుగు నలభై ఏడుకి పంపే బటన్ కోడలే నొక్కింది. వెళ్లిందని తెర మీద పడగానే ముగ్గురం ఒక్కసారే ఊపిరి వదిలాం.

శనివారం పోయింది, ఆదివారం పోయింది. సోమవారం నేను కోడలి ఫోన్ ఛార్జింగ్ రెండుసార్లు చూశాను. మంగళవారం పొద్దున్న ఏడున్నరకి, తను చెప్పులు వేసుకుంటుంటే ఫోన్ మోగింది. కొత్త నంబరు. తను నా వైపు చూసి స్పీకర్ పెట్టింది.

అవతల ఒక ఆడమనిషి గొంతు, ఇంగ్లీషులో. ఎయిర్‌బ్యాగుల కంపెనీలో మెయింటెనెన్స్ చూసేది తనేనని చెప్పింది. నేను తెలుగు చెయ్యడానికి నోరు తెరిచాను. కోడలు చెయ్యి అడ్డం పెట్టింది, లైన్ ఆపేటప్పుడు పెట్టినట్టు.

"మంచి మిషన్ను విప్పానని రాశావు," అంది ఆవిడ. "తిరిగి బిగించాక టైమింగ్ సరిపోయిందని ఎలా తెలుసుకున్నావు?"

కోడలు ఇంగ్లీషులో మొదలుపెట్టింది. చక్రాన్ని చేత్తో తిప్పాను. సూది అట్టడుగుకి వెళ్లింది. పైకి లేవడం మొదలైంది. రెండు మిల్లీమీటర్లు. అప్పుడు హుక్ మొన సూది దగ్గరికి రావాలి, కన్నానికి కొంచెం పైన. వచ్చింది. మధ్యలో క్రియలు జారిపోయాయి, కాలాలు తారుమారయ్యాయి. కానీ నేను కళ్లు మూసుకుని వింటున్నాను, నాకు వినిపిస్తున్నది మేము పంపిన ఉత్తరమే. అవే పొట్టి వాక్యాలు. అదే ఆగడం, అదే కదలడం. ఉత్తరం రాసిన మనిషీ ఫోన్లో ఉన్న మనిషీ ఒకరే అని అవతలావిడకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆవిడ ఇంకో మూడు ప్రశ్నలు అడిగింది. కోడలు ఒకదానికి తెలియదంది. ఆ మిషన్ తను చూడలేదంది.

కాసేపు అటు నుంచి కాగితాల చప్పుడు. "మాకు నలభై మూడు ఉత్తరాలు వచ్చాయి," అంది ఆవిడ. "నలభై రెండింటిలో ఎవరూ ఏ తప్పూ చెయ్యలేదు. గురువారం వచ్చి మిషన్ల మీద పని చేసి చూపించు. గేటు దగ్గర పాస్ రాయించాలి. నీ బయోడేటాలో హెల్పర్ అని ఉంది. పాస్ మీద ఏమని రాయించను?"

ఇది చిన్న ప్రశ్నే. అడిగినావిడకి అసలు ప్రశ్నే కాదు. మా కోడలు మాత్రం ఒక చెప్పు వేసుకుని, ఒక చెప్పు చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. తొమ్మిదేళ్లు వచ్చే ఏడాది, వచ్చే ఏడాది అని వాయిదా పడుతూ వచ్చిన మాటని తన గురించి తన నోటితో తను ఇంతవరకూ అనలేదు. ఇంట్లో కూడా ఎప్పుడూ 'ఫ్యాక్టరీ పని' అనేదే గానీ ఆ మాట తనకి తగిలించుకునేది కాదు. చెప్పమ్మా, చెప్పెయ్యి అని నేను లోపల అరుస్తున్నాను.

"మెకానిక్," అంది.

"సరే," అంది ఆవిడ, రాసుకుంటూ. ఫోన్ పెట్టేసింది.

మావాడు గుమ్మం దగ్గర నుంచే కేక పెట్టాడు. కోడలు రెండో చెప్పు వదిలేసి నా భుజం పట్టుకుని ఏడుస్తూ నవ్వింది. నేను కోర్టులో వెయ్యిమంది ఏడుపులు చూసి కదలని మనిషిని. నా కళ్లజోడు తడిసిపోయి ఏమీ కనబడలేదు.

గురువారం మూడు గంటలు పరీక్ష పెట్టారు. తోడు వస్తానంటే వద్దంది. అయినా వెళ్లి, ఆ గేటు ఎదుట టీ కొట్టు దగ్గర నిలబడి మూడు టీలు తాగాను. తను బయటికొచ్చి, నన్ను చూసి ఆశ్చర్యపడకుండా, రోడ్డు అవతల నుంచే చెయ్యెత్తి అరిచింది.

"ఇచ్చారు మామయ్యగారూ!"

టీ కొట్టతను ఏమిచ్చారండీ అని అడిగాడు. ఎవరో తెలియని ఆ మనిషికి మొత్తం చెప్పేద్దామనుకున్నాను. "అదిగో, ఆ వస్తున్న అమ్మాయి మా కోడలు. మెకానిక్" అని మొదలుపెట్టాను, ఆ తర్వాత నా ముప్ఫై ఒక్క ఏళ్ల భాషలు రెండూ అడుగంటిపోయాయి.